జర్మనీలో వ్యాట్ నంబరుకు దరఖాస్తు: ముందున్న DE ఏం చెబుతుంది, ఏం చెప్పదు

బెర్లిన్‌లో ఫ్రీలాన్సింగ్ మొదలుపెట్టిన గుంటూరు కుర్రాడొకడు మొన్న వెనక్కి వచ్చిన ఇన్వాయిస్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నెదర్లాండ్స్ కంపెనీకి చేసిన పనికి బిల్లు పెట్టాడు, 4,800 యూరోలు. "ఈ వ్యాట్ నంబరు చెల్లదు" అని అకౌంట్స్ వాళ్లు తిప్పి పంపారు. "అన్నా, ముందు DE పెట్టాను కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. కాగితం చూడగానే అర్థమైంది. DE పక్కన ఉన్నవి వాళ్ల ఏరియా ఫైనాన్స్‌ఆంట్, అంటే స్థానిక పన్ను కార్యాలయం, ఇచ్చిన నంబరు అంకెలు. మధ్యలోని గీతలు తీసేసి, ముందు DE అంటించాడు. అలా చేయమని చెప్పింది ఒక ఏజెంటు. అందుకు 150 యూరోలు కూడా తీసుకున్నాడు.

ఈ పొరపాటు ఇతనొక్కడిదే కాదు, అందుకే రాస్తున్నాను.

యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల్లోనూ వ్యాట్ నంబరు ముందు రెండు అక్షరాలుంటాయి. ఆ నంబరు ఏ దేశం ఇచ్చిందో అవి చెబుతాయి. జర్మనీకి DE, నెదర్లాండ్స్‌కు NL, ఐర్లండ్‌కు IE. గ్రీస్‌కు మాత్రం GR కాదు, EL. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి, ఉత్తర ఐర్లండ్‌లో సరుకుల వ్యాపారానికి XI వచ్చింది. GB నంబర్లను యూనియన్ తనిఖీ వెబ్‌సైట్ ఇప్పుడు చూపించదు. అక్షరాలు చెప్పేది ఇంతవరకే. DE ఉన్నంత మాత్రాన ఆ కంపెనీ జర్మనీదే అనుకోకూడదు. ఎక్కడో బయటి దేశంలో ఉండి, సరుకు మాత్రం జర్మనీ గోడౌన్‌లో పెట్టి అమ్మేవాళ్లకు కూడా DE నంబరు ఉంటుంది.

దరఖాస్తు సంగతి త్వరగా చెప్పేస్తాను. స్వయం ఉపాధి మొదలుపెట్టగానే జర్మనీ పన్ను శాఖ ఆన్‌లైన్ వెబ్‌సైట్ ELSTER లో పన్ను నమోదు ప్రశ్నావళి నింపాలి. అందులోనే "నాకు USt-IdNr. కావాలి" అనే అర్థం వచ్చే గడి ఒకటి ఉంటుంది. జర్మన్ వ్యాట్ నంబరు కాగితాల మీద కనిపించేది ఆ పేరుతోనే. గడిలో టిక్ పెడితే వేరే దరఖాస్తు అక్కర్లేదు. టర్నోవర్ తక్కువని వ్యాట్ మినహాయింపు తీసుకున్న చిన్న వ్యాపారులు కూడా దీన్ని అడగొచ్చు. ఆ గడి వదిలేసినవాళ్లు తర్వాత కేంద్ర పన్నుల కార్యాలయం BZSt వెబ్‌సైట్‌లో ఫారం నింపితే సరిపోతుంది. రెండు దారుల్లోనూ ఫీజు ఒక్క సెంటు కూడా లేదు.

తొందరపడితే దెబ్బ తినేది ఇక్కడే. ఫైనాన్స్‌ఆంట్ మీ పేరు, చిరునామా, పన్ను నంబరు BZSt కు పంపేదాకా అక్కడ మీ దరఖాస్తు ముందుకు కదలదు. ముందు ఫైనాన్స్‌ఆంట్ ఉత్తరం రానివ్వండి. అందులో పేరు ఎలా ఉంటే ఫారంలో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. మన ఇంటిపేరు ముందు వెనకల గొడవ వచ్చి పడేది ఇక్కడే. ఇంకోటి, నంబరు పోస్టులో మాత్రమే వస్తుంది, ఫోన్‌లో చెప్పరు. షేరింగ్ ఫ్లాట్‌లో ఉండేవాళ్లు లెటర్‌బాక్స్ మీద తమ పేరుందో లేదో చూసుకోవాలి. పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఆ కవరు వెనక్కి పట్టుకెళతాడు.

ఇక అసలు తికమక నంబర్ల దగ్గర. జర్మనీలో ఒక ఫ్రీలాన్సర్ చేతికి నాలుగు నంబర్లు రావచ్చు. మొదటిది ప్రతి మనిషికీ జీవితాంతం ఉండే 11 అంకెల పన్ను గుర్తింపు. ఇది ఇన్వాయిస్ మీద రాయాల్సింది కాదు. రెండోది ఫైనాన్స్‌ఆంట్ ఇచ్చేది. మధ్యలో ఏటవాలు గీతలుంటాయి, బెర్లిన్‌లో అయితే 10 అంకెలు, బవేరియా లాంటి చోట్ల 11. మూడోది మనకు కావాల్సిన వ్యాట్ నంబరు. DE తర్వాత సరిగ్గా 9 అంకెలు, గీతలుండవు, ఖాళీలుండవు. కుర్రాడి ఇన్వాయిస్ మీద DE తర్వాత 10 అంకెలున్నాయి. లెక్కపెట్టి ఉంటే తప్పు అక్కడే దొరికిపోయేది.

నాలుగోది కొత్తది, దీనితో మరీ జాగ్రత్త. 2024 నవంబరు నుంచి విడతలవారీగా ఇస్తున్న వ్యాపార గుర్తింపు సంఖ్య, W-IdNr. అది కూడా DE తోనే మొదలవుతుంది, 9 అంకెలే ఉంటాయి, చివర ఇలా తోక ఉంటుంది:

```
DE123456789          వ్యాట్ నంబరు రూపం
DE123456789-00001    వ్యాపార గుర్తింపు రూపం
```

వ్యాట్ నంబరు ముందే ఉన్నవాళ్లకు రెండింటిలో మొదటి భాగం ఒకటే. వ్యాట్ నంబరు అడగనివాళ్లకు మాత్రం ఆ తోక తీసేసినంత మాత్రాన వ్యాట్ నంబరు తయారవదు. చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, తనిఖీలో మాత్రం చెల్లదని వస్తుంది.

ఆ తనిఖీ చేసేది VIES అనే యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో. దేశం ఎంచుకుని, నంబరు కొడితే చెల్లుతుందో లేదో వస్తుంది. అవతలి దేశపు వ్యాపారి పేరు, చిరునామా చాలా దేశాలు చూపిస్తాయి, జర్మనీ చూపించదు. అంటే DE నంబరు చెల్లుతుందని వచ్చినా, అది మీతో మాట్లాడుతున్న మనిషిదేనని VIES చెప్పినట్టు కాదు. కంపెనీ వెబ్‌సైట్ అడుగున ఇంప్రెస్సుమ్ అనే, కంపెనీ వివరాలుండే పేజీ ఉంటుంది, నంబరు ఉంటే అక్కడ వేసి ఉంటుంది. దానితో పోల్చుకోండి. హైదరాబాద్ నుంచి జర్మన్ కంపెనీలకు సర్వీస్ ఇచ్చే మన చిన్న సంస్థలు కూడా ఈ పని చేసుకోవాలి.

VIES లో మీ సొంత నంబరు కూడా ఇచ్చి వెతికితే ఒక సంప్రదింపు సంఖ్య వస్తుంది. ఆ పేజీని తేదీతో సహా PDF చేసి ఇన్వాయిస్ పక్కన దాచండి. రేపు తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది ఆ రోజు నంబరు చెల్లిందా అని, ఈ రోజు కాదు.

సరే, మన కుర్రాడి పని. ఆరోజే BZSt ఫారం నింపించాను, ఏజెంటు అవసరం పడలేదు. ఉత్తరం వచ్చాక పాత ఇన్వాయిస్‌ను సరిదిద్ది మళ్లీ పంపించాం. తన DE నంబరు, అవతలి కంపెనీ NL నంబరు రెండూ రాశాడు. వ్యాట్ వసూలు చేయలేదు, పన్ను బాధ్యత సేవ పొందినవారిదని జర్మన్‌లో ఒక వాక్యం వేశాడు. ఇలాంటి బిల్లులను మూడు నెలలకోసారి BZSt కు విడిగా తెలియజేయాలి, త్రైమాసికం ముగిశాక వచ్చే నెల 25లోగా. ఆ రిపోర్టు వేయాలన్నా వ్యాట్ నంబరు ఉండి తీరాలి. ఇది వదిలేస్తే అవతలి దేశం లెక్కల్లో కనిపించిన బిల్లు ఇక్కడ కనిపించక ఉత్తరాలు మొదలవుతాయి.

నెల తిరక్కుండానే అతనికి ఇంకో కవరు వచ్చింది. పైన గద్దలాంటి బొమ్మ, "వ్యాట్ నంబరు నమోదు" అని పెద్ద అక్షరాలు, కింద కొన్ని వందల యూరోలకు బ్యాంకు ఖాతా వివరాలు. టెన్షన్‌తో ఫోన్ చేశాడు. అలాంటి ఉత్తరాలకు డబ్బు కట్టొద్దని BZSt స్వయంగా హెచ్చరించింది. కవరు చింపేయమని చెప్పాను. "డబ్బు కట్టేశాను అన్నా" అని చెప్పే ఫోన్లే నాకు ఎక్కువ వస్తుంటాయి, ఇతను మాత్రం కట్టకముందే అడిగాడు.