డిస్కా, వాషరా, షెల్లా: లెక్క ఎక్కడ ఇరుక్కుంటుంది?

భ్రమణ ఘనాల లెక్కల్లో చాలామంది ముందు పద్ధతి ఎంచుకుని, తర్వాత బొమ్మ గీస్తారు. వరస తిరగేస్తే సగం చిక్కులు పోతాయి. ముందు ప్రదేశాన్ని ఏ వైపు సన్నని పట్టీలుగా కోస్తే తేలికో చూడండి. ఆ పట్టీ అక్షానికి లంబంగా ఉంటే, తిప్పినప్పుడు డిస్క్ (మధ్యలో రంధ్రం పడితే వాషర్) వస్తుంది. సమాంతరంగా ఉంటే గొట్టం లాంటి షెల్ వస్తుంది. అంటే పద్ధతిని మనం ఎంచుకోనక్కర్లేదు, పట్టీ, అక్షం కలిసి అదేమిటో చెప్పేస్తాయి.

సమస్య: x విలువను y లో రాయలేకపోతున్నాను

y = x − x³ వక్రానికీ x-అక్షానికీ మధ్య, 0 నుంచి 1 వరకు ఉన్న ప్రదేశాన్ని y-అక్షం చుట్టూ తిప్పమన్నారనుకోండి. y-అక్షం అనగానే అలవాటుగా వాషర్లు మొదలుపెడతాం. వాటికి అడ్డ పట్టీలు కావాలి, ప్రతి ఎత్తు y దగ్గరా ఎడమ, కుడి చివరలు తెలియాలి. అందుకు x − x³ = y అనే ఘన సమీకరణాన్ని సాధించాలి. ఇక్కడే పెన్ను ఆగిపోతుంది.

కారణం లెక్క కష్టం కావడం కాదు, పట్టీ దిశ తప్పడం. వక్రం y = f(x) రూపంలో ఉంది కాబట్టి నిలువు పట్టీలే దీనికి సహజం. నిలువు పట్టీ y-అక్షానికి సమాంతరం, కాబట్టి షెల్. వ్యాసార్థం x, ఎత్తు x − x³:

```
V = 2π ∫₀¹ x(x − x³) dx
  = 2π(1/3 − 1/5) = 4π/15
```

ఇదే ప్రదేశాన్ని x-అక్షం చుట్టూ తిప్పితే? పట్టీ అదే నిలువు పట్టీ, కానీ ఇప్పుడు అక్షానికి లంబం. కాబట్టి డిస్క్: π∫(x − x³)² dx = 8π/105. ఇక్కడ షెల్ కోసం పట్టుబడితే మళ్లీ ఆ ఘన సమీకరణమే ఎదురవుతుంది. "y-అక్షమైతే షెల్" అని బట్టీ పట్టడం అందుకే నాకు నచ్చదు. x = y² − y⁴ లాంటి వక్రం ఇస్తే ఆ సూత్రం తలకిందులవుతుంది.

సమస్య: ఇంటిగ్రల్ రెండు ముక్కలైంది

y = x², y = 2 − x, x-అక్షం మధ్య ఉన్న మొదటి పాదంలోని ప్రదేశాన్ని తీసుకుని x-అక్షం చుట్టూ తిప్పండి. నిలువు పట్టీ పై చివర x = 1 దాకా పరావలయం మీద, ఆ తర్వాత సరళరేఖ మీద ఉంటుంది. అందుకే డిస్కులతో రెండు ముక్కలు. అడ్డ పట్టీ కోస్తే ఒక్కటే ముక్క: ఎడమ చివర √y, కుడి చివర 2 − y, వ్యాసార్థం y.

```
డిస్క్: π(1/5 + 1/3) = 8π/15
షెల్: 2π ∫₀¹ y(2 − y − √y) dy = 8π/15
```

నిజం చెప్పాలంటే ఇక్కడ నేను డిస్కులే వాడతాను. ముక్కలు రెండైనా రెండూ చిటికెలో అయిపోయేవే, వర్గమూలం గొడవ లేదు. సమీకరణం సాధించలేకపోతే దారి మూసుకుపోయినట్టే, ముక్కలు కావడం మాత్రం ఒక అదనపు పంక్తి అంతే.

సమస్య: జవాబు మరీ చిన్నగా వచ్చింది

y = x, y = x² మధ్య ప్రదేశం, x-అక్షం చుట్టూ. π/30 వచ్చిందంటే మీరు π(x − x²)² తీసుకున్నారు. అది పట్టీ కింది చివర అక్షాన్ని తాకుతున్నట్టు లెక్క. కానీ అక్కడ రంధ్రం ఉంది. పెద్ద వృత్త వైశాల్యంలోంచి చిన్న వృత్త వైశాల్యాన్ని తీసేయాలి, అంటే ముందు వర్గాలు, తర్వాత తీసివేత: π∫(x² − x⁴) dx = 2π/15. తప్పు జవాబుకు ఇది నాలుగు రెట్లు.

సమస్య: అక్షం జరిగింది, జవాబు మారలేదు

మొదటి ప్రదేశాన్నే x = 2 రేఖ చుట్టూ తిప్పమంటే కొందరు వ్యాసార్థం x గానే ఉంచి మళ్లీ 4π/15 రాస్తారు. వ్యాసార్థం అంటే పట్టీ నుంచి అక్షానికి ఉన్న దూరం. ఇప్పుడది 2 − x. ఎత్తు మారదు.

```
V = 2π ∫₀¹ (2 − x)(x − x³) dx = 11π/15
```

సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. ప్రదేశ వైశాల్యం 1/4, దాని కేంద్రాభాసం x = 8/15 దగ్గర. తిరిగేటప్పుడు అది నడిచే దూరం 2π(2 − 8/15). దాన్ని 1/4 తో గుణిస్తే 11π/15 వస్తుంది. ఇది పప్పస్ సిద్ధాంతం. అక్షం ప్రదేశాన్ని చీల్చుకుంటూ పోతే, ఉదాహరణకు x = 1/2 అయితే, ఇది పనిచేయదు. షెల్ సూత్రాన్నీ నేరుగా వాడలేం, ఎందుకంటే రెండు వైపుల భాగాలూ ఒకే చోటును రెండుసార్లు ఊడుస్తాయి. అప్పుడు ఒక భాగాన్ని అక్షం మీదుగా అవతలికి మడిచి, రెండు భాగాలూ కలిసి కప్పే ఆకారాన్ని మాత్రమే తిప్పాలి.