క్రాప్ చేశాక కూడా అడ్రస్ ఎందుకు కనిపిస్తోంది?

పాత స్టీలు కెటిల్ ఒకటి ఉంది. అది ఏ మోడలో తెలిసినవాళ్లను అడగాలని ఫొటో తీశారు. వెనక కొరియర్ డబ్బా, దాని మీద పేరు, అడ్రస్ ఉన్నాయి. డబ్బా కనపడకుండా క్రాప్ చేసి పంపారు.

సమస్య: అవతలివాళ్లకు ఫొటో మొత్తం కనిపించింది.

చాలా గ్యాలరీ యాప్‌లు క్రాప్ చేసినప్పుడు మిగతా భాగాన్ని నిజంగా చెరిపేయవు. అసలు ఫొటోను అలాగే ఉంచి, ఎంతవరకు చూపించాలో మాత్రం గుర్తుపెట్టుకుంటాయి. "Revert" నొక్కగానే పాత ఫొటో తిరిగి వస్తోందంటే కారణం అదే. పంపే పద్ధతిని బట్టి అసలు ఫొటో కూడా వెంట వెళ్లొచ్చు. వర్డ్ ఫైల్లో పెట్టి క్రాప్ చేసిన బొమ్మదీ ఇదే కథ. 2023లో పిక్సెల్ ఫోన్ల మార్కప్ టూల్‌లో ఇంకో లోపం బయటపడింది: క్రాప్ చేసి సేవ్ చేసిన స్క్రీన్‌షాట్ ఫైల్ చివర పాత డేటా కొంత మిగిలిపోయేది.

పరిష్కారం తేలికే. క్రాప్ చేసిన ఫొటోను స్క్రీన్ నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీసి, దాన్నే పంపండి. అందులో స్క్రీన్ మీద కనిపించింది తప్ప వేరే ఏమీ ఉండదు. ఫొటో తీసిన చోటు తెలిపే జీపీఎస్ వివరాలు కూడా రావు. తీసేముందు పైన నోటిఫికేషన్లు లేకుండా చూసుకోండి, లేకపోతే ఒకటి దాచబోయి ఇంకొకటి చూపించినట్టవుతుంది.

సమస్య: నల్లగా గీసినా అక్షరాలు తెలుస్తున్నాయి.

ఫోన్‌లోని మార్కర్, హైలైటర్ పెన్నుల రంగు చాలాసార్లు పూర్తి ముదురుగా ఉండదు. ఎడిట్‌లో ఫొటో బ్రైట్‌నెస్ పెంచితే కింది అక్షరాలు తేలతాయి. పంపేముందు మీరే పెంచి చూడండి, తెలిసిపోతుంది. బ్లర్‌నీ నమ్మలేం. ఫోన్ నంబర్ లాంటి కొద్దిపాటి అంకెలను మసక ఆకారాన్ని బట్టి ఊహించే వీలుంది. రంగు నిండిన డబ్బా ఆకారంతో కప్పి, ఆ తర్వాత స్క్రీన్‌షాట్ తీయండి. లేబుల్ మీది బార్‌కోడ్, క్యూఆర్ కోడ్ కూడా కప్పాలి. వాటిని స్కాన్ చేస్తే ట్రాకింగ్ నంబర్ రావచ్చు. నన్నడిగితే, ఫొటోకు ముందే లేబుల్ మీద ఒక తెల్ల కాగితం పెట్టడం వీటన్నిటికంటే మేలు.

సమస్య: కెటిల్ మీదే ముఖం కనిపిస్తోంది.

మెరిసే స్టీలు అద్దంలా పనిచేస్తుంది. ముఖం వస్తువు మధ్యలోనే పడితే క్రాప్‌తో పని జరగదు. ఎదురుగా కాకుండా పక్కకు జరిగి, కాస్త దూరం నుంచి జూమ్ చేసి మళ్లీ తీయండి. తీశాక ఫొటోను పెద్దది చేసి, వంపు తిరిగిన అంచులు కూడా చూడండి. గది మొత్తం చిన్నగా అక్కడ కనబడుతుంటుంది.

సమస్య: అన్నీ దాచాక వస్తువును ఎవరూ గుర్తుపట్టలేదు.

బహుశా అడుగున ఉన్న స్టిక్కర్ మొత్తాన్నీ కప్పేసి ఉంటారు. అందులో మోడల్ నంబర్, వోల్టులు, వాట్లు కనపడాలి. సీరియల్ నంబర్ మాత్రం దాచండి. అది మీ ఒక్క కెటిల్‌కే చెందుతుంది, మోడల్ చెప్పడానికి దానితో సాధారణంగా అవసరం ఉండదు. స్క్రీన్‌షాట్‌లో అక్షరాలు అలుక్కుపోతే స్టిక్కర్‌ను దగ్గరగా విడిగా తీసి పంపండి.