బయట కొంటే చవకన్నారు, మరి లాభం ఎందుకు తగ్గింది?

సమస్య

ఒక విడిభాగాన్ని మన ఫ్యాక్టరీలోనే చేస్తున్నాం. కాస్ట్ షీట్ ప్రకారం ఒక్కోదానికి 140 రూపాయలు పడుతోంది. బయటివాళ్లు అదే సరుకు 120కి తెచ్చి ఇస్తామన్నారు. నెలకు వెయ్యి కావాలి కాబట్టి 20 వేలు మిగులుతాయని లెక్కేసి ఆర్డర్ ఇచ్చేశాం. తీరా నెలాఖరుకు చూస్తే లాభం పెరగకపోగా 25 వేలు తగ్గింది.

సరఫరాదారుతో గొడవకు దిగే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ పని ఆపాక ఏ బిల్లు రావడం ఆగింది? ఆర్డర్ ఇవ్వకముందే వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. దాదాపు ఎవరూ వేసుకోరు.

అసలు కారణం: షీట్‌లో పంచిన ఓవర్‌హెడ్

ఆ 140ని విడదీసి చూద్దాం. ముడిసరుకు 60, ముక్కకింత అని ఇచ్చే కూలి 25, కరెంటు, టూల్స్ కలిపి 10. ఇవి మొత్తం 95. పని ఆపితే ఇవి నిజంగానే ఆగుతాయి. మిగతా 45 ఓవర్‌హెడ్ వాటా, అంటే ఫ్యాక్టరీ మొత్తానికి అయ్యే ఖర్చులో ఈ విడిభాగం మీద వేసిన భాగం. నెలకు 45 వేలు. అందులో షెడ్డు అద్దె 20 వేలు, సూపర్‌వైజర్ జీతం 15 వేలు, మెషీన్ తరుగుదల 10 వేలు.

విడిభాగం మానేశామని షెడ్డు యజమాని అద్దె తగ్గించడు. సూపర్‌వైజర్ రెండో లైన్ కూడా చూస్తాడు కాబట్టి అతని జీతం ఇవ్వాల్సిందే. మెషీన్‌కు డబ్బు ఎప్పుడో కట్టేశాం, తరుగుదల దాన్నే ఏళ్ల మీద పంచిన లెక్క. కాబట్టి 120ని పోల్చాల్సింది 95తో. ముక్కకు 25 నష్టం, వెయ్యికి 25 వేలు. కూలీలు నెలజీతం మీద ఉండి, వాళ్లను తీయకపోతే ఆ 25 కూడా ఆగదు, నష్టం 50 వేలవుతుంది.

అసలు దెబ్బ రెండో నెలలో తగులుతుంది. దిక్కులేని ఆ 45 వేలను అకౌంటెంట్ రెండో లైన్ సరుకు మీద వేస్తాడు. ఆ సరుకు 300కి అమ్ముతున్నాం, ముక్కతో పాటు పెరిగే ఖర్చు 240, నెలకు 1,500 పోతాయి. ఓవర్‌హెడ్ వాటా తీయకముందు చేతికొచ్చేది 90 వేలు. ఇదివరకు దాని వాటా 75 వేలు, కాబట్టి 15 వేల లాభం కనిపించేది. ఇప్పుడు వాటా 1,20,000, అంటే 30 వేల నష్టం. వెంటనే ఎవరో ఒకరు ‘ఈ లైన్ కూడా మూసేద్దాం’ అంటారు. మూస్తే చేతికొచ్చే ఆ 90 వేలు పోతాయి, 1,20,000 ఖర్చు అలాగే ఉంటుంది. నష్టం 30 వేల నుంచి 1,20,000కి చేరుతుంది. బాగా నడిచే లైన్లు ఇలా ఒకదాని వెనక ఒకటి మూతపడతాయి, అదీ కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉండగా.

ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. కాస్ట్ షీట్ పక్కన పెట్టి లెడ్జర్ తీయండి. పని ఆపకముందు, ఆపాక అద్దె, జీతాల మొత్తం చూడండి. మొత్తం కదలకుండా ముక్క ఖర్చు మాత్రం మారిందంటే ఖర్చు తగ్గలేదు, చోటు మారిందంతే.

పరిష్కారం

ఆగే ఖర్చులు మాత్రమే ఒక కాగితం మీద రాయండి. దాని కింద, ఖాళీ అయ్యే మెషీన్, స్థలం ఇంకేం సంపాదిస్తాయో రాయండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ మెషీన్ మీద జాబ్‌వర్క్ చేస్తే అన్ని ఖర్చులూ పోను నెలకు 40 వేలు మిగులుతుందనుకోండి, అప్పుడు 25 వేలు నష్టపోయి బయట కొన్నా 15 వేలు లాభమే. ఆర్డర్ చేతిలో ఉంటేనే ఆ 40 వేలు రాయాలి, ఆశ ఉందని కాదు.

‘మెషీన్ 8 లక్షలు పెట్టి కొన్నాం, ఎలా వదిలేస్తాం?’

ఆ 8 లక్షలు ఏం చేసినా తిరిగి రావు. పుస్తకాల్లో ఇంకా 5 లక్షలు చూపిస్తోందన్నా అదే జవాబు. నిర్ణయానికి పనికొచ్చేది ఇవాళ అమ్మితే ఎంతొస్తుంది, ఏడాది తర్వాత అమ్మితే ఎంతొస్తుంది అన్నదే. ఇవాళ 2 లక్షలు, ఏడాదికి 1,40,000 అయితే మెషీన్ ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు నెలకు 5 వేలు. పై లెక్కలో తరుగుదల 10 వేల స్థానంలో ఈ 5 వేలు పెట్టినా తీర్పు మారదు, ముక్కకు ఇంకా 20 నష్టమే.

మిగతావి

రవాణా, సరుకు తనిఖీ, పన్ను తేడాలు కూడా ఉంటాయి. కోట్ అడిగేటప్పుడే తేలిపోతాయి, వాటి మీద రోజులు పోగొట్టుకోవద్దు.

షెడ్డు ఒప్పందం ముగిసే తేదీ మాత్రం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నుంచి అద్దె కూడా ఆపగలిగే ఖర్చే. షెడ్డులో ఈ విడిభాగం వాడే చోటు వదిలేసే వీలుంటే ముక్కకు ఆ 20 ఆగుతుంది, మనం చేసే ఖర్చు 95 నుంచి 115కి వస్తుంది. మెషీన్ కూడా అమ్మేస్తే ఇంకో 5 కలిసి సరిగ్గా 120. అప్పుడు ఈ లెక్క మొత్తం మళ్లీ వేయాలి.