ఐసీడీ పేషెంటును కావలి నుంచి నెల్లూరుకు తీసుకెళ్లే ముందు

ఛాతీలో చేరిన గాలిని, ద్రవాన్ని బయటకు తీసే గొట్టమే ఐసీడీ. స్ట్రెచర్ ఎక్కించే ముందు ఆ గొట్టం కలిపిన నీటి బాటిల్ దగ్గర ఒక నిమిషం నిలబడండి. లోపలి గొట్టం కొస నీటిలో 2 సెం.మీ. మునిగి ఉండాలి. బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి. ఒళ్లో పెట్టుకునే బంధువులకు ఈ మాట ముందే చెప్పండి.

పేషెంటు ఊపిరి పీలిస్తే గొట్టంలో నీరు పైకి, వదిలితే కిందికి ఆడుతుంటే గొట్టం తెరిచే ఉన్నట్టు. వెంటిలేటర్ మీద ఇది తిరగబడుతుంది. ఆట ఆగితే ఊపిరితిత్తి విచ్చుకుని ఉండొచ్చు, కానీ ముందు గొట్టం మడత పడిందేమో చూడండి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన న్యూమోథొరాక్స్‌లో దగ్గితే బుడగలు రావడం మామూలే. ఆగకుండా వస్తుంటే మాత్రం ఎక్కడో గాలి లీకవుతోంది, జాయింట్లన్నీ తడిమి చూడాలి.

బుడగలొస్తున్న గొట్టాన్ని ప్రయాణం కోసమని క్లాంప్ చేయకండి. గాలి లోపలే చిక్కి, ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కేసే టెన్షన్ న్యూమోథొరాక్స్ అవుతుంది.

ఒకసారి హైవే మీద కుదుపుకి మా జాయింటే ఊడింది. పక్కనున్న స్టెరైల్ సెలైన్ సీసాలో గొట్టం కొస 2 సెం.మీ. ముంచి పేషెంటును దగ్గమన్నాను. తర్వాత కొస స్పిరిట్‌తో తుడిచి కొత్త ట్యూబింగ్ తగిలించాం. అప్పటినుంచి ఆ సీసా లేకుండా బండి కదలనివ్వను.

గొట్టం ఛాతీలోంచే ఊడొస్తే గాయం మీద గాజ్ పెట్టి మూడు వైపులే ప్లాస్టర్ వేసి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.