పసుపు, కారం, పాలు: ఇంట్లో ఏ పరీక్ష నమ్మొచ్చు?

గ్లాసు నీళ్లపై చెంచా కారం చల్లి, కలపకుండా చూడండి. రంగు చారలుగా కిందికి దిగితే అందులో రంగు కలిపినట్టే. దిగకపోతే మాత్రం స్వచ్ఛమని అనుకోవద్దు, కారంలో కలిపే సూడాన్ అనే కృత్రిమ రంగులు నీళ్లలో కరగవు. పసుపులో కలిపే లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కూడా అంతే, నీళ్లలో కరగదు. దాన్ని ల్యాబ్‌లోనే తేల్చుకోవాలి.

సున్నం కలిపితే ఎర్రబడింది కదా అని పసుపు స్వచ్ఛమనుకోవద్దు. ఎర్రబడటం పసుపు సహజ గుణం, కల్తీ ఉన్నా ఎర్రబడుతుంది. పసుపులో పిండిపదార్థం సహజంగానే ఉంటుంది కాబట్టి దానికి పిండి కల్తీని పట్టే అయోడిన్ పరీక్ష పనికిరాదు.

పాలకు పనికొస్తుంది: కొంచెం పాలలో నీళ్లు పోసి మరిగించి, చల్లారాక రెండు మూడు చుక్కల టించర్ అయోడిన్ వేయండి. నీలం వస్తే పిండి కలిపారు. పరీక్షించిన పాలు పారబోయండి. నీళ్లు కలిపారో లేదో చూడటానికి ఏటవాలు పళ్లెంపై పాలచుక్క జారించే పరీక్షను నమ్మలేం, వెన్న తీసిన మంచి పాలూ త్వరగానే జారతాయి.