బీపీ మందు ట్రయల్‌పై జర్నల్ క్లబ్: ప్రధాన ఫలితం దగ్గర వచ్చే చిక్కులు, వాటి పరిష్కారం

బీపీ మందు ట్రయల్‌ను సమీక్షించే రెసిడెంట్లు రాండమైజేషన్, బ్లైండింగ్ గురించి చక్కగానే చెబుతారు గానీ, ప్రధాన ఫలితం స్లైడ్ రాగానే తడబడతారు. 2002లో లాన్సెట్‌లో వెలువడిన లైఫ్ ట్రయల్‌నే తీసుకుందాం. అధిక రక్తపోటుతో పాటు ఈసీజీలో ఎడమ జఠరిక గోడ మందమైనట్టు కనిపించిన 9,193 మందిలో 4,605 మందికి లోసార్టాన్, 4,588 మందికి అటెనొలాల్ ఆధారంగా చికిత్స ఇచ్చి, సగటున దాదాపు ఐదేళ్లు గమనించారు.

సమస్య: "లోసార్టాన్ వల్ల గుండెపోటు, పక్షవాతం, మరణం 13 శాతం తగ్గాయి" అని చెప్పగానే, "ఈ మూడింటిలో ఏది తగ్గింది?" అని ప్రొఫెసర్ అడుగుతారు, సమాధానం ఉండదు.

కారణం: 0.87 అన్న హెజార్డ్ రేషియో కాంపోజిట్ ఎండ్‌పాయింట్‌ది, దాన్ని మూడింటికీ విడివిడిగా అన్వయించేశారు. నిజానికి పక్షవాతం వచ్చినవారు అటెనొలాల్ వర్గంలో 309 మంది, లోసార్టాన్ వర్గంలో 232 మంది. గుండెపోటు మాత్రం వరుసగా 188, 198, అంటే తగ్గనే లేదు. హృదయ సంబంధ మరణాలు 234, 204. ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. కాంపోజిట్‌ను ముందుకు నడిపింది పక్షవాతమే.

పరిష్కారం: కాంపోజిట్ కింద మూడు వరుసలూ ఒకే స్లైడ్‌పై చూపండి. పక్కనే అసలు తేడాను లెక్కగట్టండి: ప్రధాన ఫలితం అటెనొలాల్‌తో 12.8 శాతం (588), లోసార్టాన్‌తో 11.0 శాతం (508), తేడా 1.8 శాతం. అంటే ఒకరికి ఆ ప్రమాదం తప్పాలంటే సుమారు 56 మందికి, దాదాపు ఐదేళ్లపాటు, అటెనొలాల్‌కు బదులు లోసార్టాన్ ఇవ్వాలి. కాలపరిమితి చెప్పకుండా 56 అంటే ఆ అంకెకు అర్థమే ఉండదు.

సమస్య: లోసార్టాన్ వర్గపు మూడు అంకెలనూ కూడితే 634 వస్తుంది, కాంపోజిట్ మాత్రం 508 అంటుంది.

కారణం, పరిష్కారం: లెక్క తప్పలేదు. పక్షవాతం వచ్చి ఆ తర్వాత మరణించిన రోగి రెండు వరుసల్లోనూ ఉంటాడు, కాంపోజిట్‌లో మాత్రం మొదటి సంఘటనతో ఒక్కసారే లెక్కకొస్తాడు. ఈ మాటను స్లైడ్ అడుగున రాయండి.

సమస్య: "లోసార్టాన్ మంచిదా, అటెనొలాల్ బలహీనమా?" అన్న ప్రశ్నకు చర్చ ఆగిపోతుంది.

కారణం: ప్లాసిబో వర్గం లేదు కాబట్టి ఈ ట్రయల్ ఒక్కటే దాన్ని తేల్చలేదు. సిస్టాలిక్ బీపీ రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకేలా, లోసార్టాన్‌తో 30.2, అటెనొలాల్‌తో 29.1 మి.మీ. మేర తగ్గింది, అందువల్ల పక్షవాతంలో వచ్చిన తేడా మొత్తాన్నీ బీపీకే ఆపాదించడం కష్టం. పైగా, ఇతర బీపీ మందులతో పోలిస్తే బీటా బ్లాకర్లతో పక్షవాతం ముప్పు 16 శాతం ఎక్కువని 2005లో లాన్సెట్‌లోనే ఒక మెటా అనాలిసిస్ వచ్చింది.

పరిష్కారం: ముగింపు స్లైడ్‌పై "లోసార్టాన్ పక్షవాతాన్ని నివారిస్తుంది" అని కాక, "ఎడమ జఠరిక మందమైన 55–80 ఏళ్ల హైపర్‌టెన్షన్ రోగుల్లో, అటెనొలాల్‌తో పోలిస్తే లోసార్టాన్‌తో పక్షవాతం తక్కువ" అని రాయండి.