క్రిప్టోలో కొంచెం పెట్టాలా వద్దా, పెడితే ఎంత?

అందరూ ఎంత పెరుగుతుందో లెక్కేసి ఎంత పెట్టాలో డిసైడ్ చేస్తారు, కానీ ఎంత పోవచ్చో అక్కడి నుంచి లెక్క మొదలెట్టాలి.

ముందు చూసుకోవాల్సింది, ఎమర్జెన్సీకి కొన్ని నెలల ఖర్చు పక్కన ఉందా, క్రెడిట్ కార్డు లాంటి ఎక్కువ వడ్డీ అప్పు ఏమైనా ఉందా అని. మొదటిది లేకపోయినా రెండోది ఉన్నా క్రిప్టోకి సున్నా, అంతే.

తర్వాత, ఎంత పడొచ్చో ఒక అంకె అనుకోవాలి. బిట్‌కాయిన్ 2017 చివర్లో దాదాపు 20 వేల డాలర్ల దాకా వెళ్లి ఏడాదికల్లా 3 వేల చిల్లరకి వచ్చింది, 2021 నవంబర్లో 69 వేల దగ్గర ఉన్నది మరుసటి నవంబర్‌కి 16 వేల లోపుకి పడి, మళ్లీ ఆ పాత రేటు చూడ్డానికి 2024 మార్చి దాకా పట్టింది. అందుకే బిట్‌కాయిన్‌కి 80 శాతం పోతుందనే లెక్కేసుకోండి. చిన్న కాయిన్లకైతే మొత్తం పోతుందనుకోవాలి, 2022 మేలో లూనా అనే కాయిన్ కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నా అయిపోయింది కదా.

ఇప్పుడు మీ మొత్తం పెట్టుబడి 100 అనుకుందాం. అందులో క్రిప్టో వల్ల ఎంత పోయినా ప్లాన్లేమీ మారవు? 2 అనుకుంటే, 2ని 0.8తో భాగిస్తే 2.5 వస్తుంది, అంటే 2.5 శాతమే మీ లిమిట్. చిన్న కాయిన్లు అయితే 2 మాత్రమే. ఆ 2 చెప్పేటప్పుడు షేర్లు కూడా అప్పుడే పడి ఉంటాయనుకుని చెప్పండి, 2022లో అమెరికా షేర్లు, క్రిప్టో రెండూ కలిసే పడ్డాయి.

ఈ 2.5 రెట్టింపైనా మొత్తం మీద వచ్చేది 2.5 శాతమే. దానికోసం పాస్‌వర్డులు, వాలెట్లు, టాక్స్ లెక్కలు, రోజూ రేటు చూసే టెన్షన్ ఇవన్నీ అక్కర్లేదు అనిపిస్తే వదిలేయండి, అది కూడా సరైన నిర్ణయమే. లాభం ఇంతేనా, అయితే 10 శాతం పెట్టేద్దాం అనిపిస్తే మాత్రం ఆగండి, అలా పెడితే 8 పోవడానికి ఒప్పుకున్నట్టే.

చాలామంది దెబ్బతినేది పెరిగాకే. 2.5 కాస్తా మూడు రెట్లయి 7.5 అయిందనుకోండి, మిగతావి కదలకపోతే మొత్తం 105, అందులో క్రిప్టో ఇప్పుడు 7 శాతం పైనే. ఇక్కడి నుంచి 80 శాతం పడితే పోయేది 6, మీరు ఒప్పుకున్నదానికి మూడు రెట్లు! లాభమే కదా పోయింది అనుకుంటాం గానీ అప్పటికే ఆ డబ్బుని మనదని లెక్కేసుకుని ఉంటాం. కాబట్టి వాటా 5 శాతం దాటిందంటే అమ్మి మళ్లీ 2.5కి తెచ్చేయాలి, ఈ రూల్ కొనే రోజే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే రేటు ఎగురుతున్నప్పుడు అమ్మబుద్ధి కాదు.

పడినప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది, చవగ్గా ఉందని మళ్లీ మళ్లీ వేస్తూ పోతారు. ఒప్పుకున్న 2 నష్టం అయిపోయిందంటే కొత్త డబ్బు వేయకూడదు, ఉన్నది అలా ఉంచుకోవచ్చు.